ఒకే ఎర్రమట్టికి రెండు లెక్కలు: వాక్లీ-బ్లాక్ టైట్రేషన్‌నూ, కాల్చి తూచే పద్ధతినీ పక్కపక్కన చేసి పోల్చడం ఎలా

బెంగళూరు నుంచి దొడ్డబళ్ళాపురం వెళ్ళే దారిలో మా మావయ్యకు కొంత ఎర్రనేల ఉంది. కొంత భాగంలో మామిడి చెట్లు, మిగిలిన దానిలో రాగి వేస్తారు. రాగి చేను మట్టిని ఆయన రెండు చోట్ల పరీక్ష చేయించారు. ఒక కాగితంలో 0.53 శాతం అనీ, రెండో కాగితంలో 5.7 శాతం అనీ వచ్చింది. "ఏరా, ఒకే సంచిలోని మట్టి కదా, పదింతలు తేడా ఎలా వస్తుంది? ఎవరు తప్పు చేశారు?" అని ఆయన నన్ను అడిగారు. నిజానికి ఎవరూ తప్పు చేయలేదు. మొదటి కాగితం డైక్రోమేట్‌తో ఆక్సీకరణం చెందిన సేంద్రియ కర్బనాన్ని చెప్పింది. రెండోది 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టి కోల్పోయిన మొత్తం బరువును చెప్పింది. ఈ రెండు అంకెల మధ్య ఏమేమి ఉన్నాయో తెలుసుకోవాలంటే రెండు పద్ధతులనూ ఒకే మట్టి మీద మీరే చేసి చూడాలి. మా ప్రయోగశాలలో ఆ మట్టితో నేను చేసిన క్రమాన్నే, వచ్చిన అంకెలతో సహా, కింద రాస్తున్నాను.

మట్టిని సిద్ధం చేయడం

ఒక్క నమూనాతో పోలిక కుదరదు. కనీసం రెండు నమూనాలు కావాలి. అవి ఒకే రకం నేల నుంచి, ఒకే లోతు నుంచి రావాలి. సేంద్రియ పదార్థం మాత్రం ఒకదానిలో తక్కువగానూ, మరొకదానిలో ఎక్కువగానూ ఉండాలి. నేను రాగి చేను నుంచి ఒకటి, కొద్ది దూరంలోనే ఉన్న మామిడి చెట్ల కింద నుంచి ఒకటి, రెండూ 0 నుంచి 15 సెంటీమీటర్ల లోతులోనివి తీసుకున్నాను. పై మట్టినీ లోపలి మట్టినీ జతగా తీసుకోకండి. ఇక్కడి ఎర్రనేలల్లో లోతుకు వెళ్ళేకొద్దీ బంకమన్ను పెరుగుతుంది, దానితో పాటు ఈ పోలిక మొత్తం తలకిందులవుతుంది. ఎందుకో కాల్చే దశ దగ్గర తెలుస్తుంది.

పైనున్న ఎండుటాకులను తీసేసి, మట్టిని నీడలో ఆరబెట్టి, చెక్క రోకలితో మెల్లగా చిదిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. సన్న వేళ్ళను పట్టకారుతో ఓపికగా ఏరేయండి. గ్రాము మట్టిలో ఒక్క సన్న వేరు ఉండిపోయినా ఫలితం మారిపోతుంది. తరువాత మట్టిని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను కలుపుతూ తగ్గించి, చివరికి ఇరవై గ్రాములను పింగాణీ కల్వంలో నూరి 0.5 మిల్లీమీటర్ల జల్లెడ గుండా పూర్తిగా పోనివ్వండి. ఇనుప కల్వం వాడితే రాలిన ఇనుప రజను కూడా డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తుంది కనుక, ఉన్నదానికంటే ఎక్కువ కర్బనం కనిపిస్తుంది. ఈ ఇరవై గ్రాముల నుంచే రెండు పద్ధతులకూ మట్టి తీసుకోవాలి. ఒక పద్ధతికి నూరిన మట్టినీ, రెండోదానికి నూరని మట్టినీ వాడితే తేడా పద్ధతిదో నమూనాదో చెప్పలేరు.

వాక్లీ-బ్లాక్ టైట్రేషన్

1934లో ప్రచురితమైన ఈ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన సులువైనది. తెలిసిన పరిమాణంలో డైక్రోమేట్‌ను మట్టికి ఇచ్చి, అందులోని కర్బనం ఎంత ఖర్చు చేసుకుందో, మిగిలిన డైక్రోమేట్‌ను కొలిచి తెలుసుకుంటాం. బయటి నుంచి వేడి ఇవ్వం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటి ద్రావణంలో కలిసినప్పుడు పుట్టే వేడే ఆక్సీకరణాన్ని నడిపిస్తుంది.

ముందుగా 105 డిగ్రీల వద్ద ఆరబెట్టిన పొటాషియం డైక్రోమేట్‌ను 49.04 గ్రాములు తూచి లీటరు నీటిలో కరిగించండి. ఇది 1 నార్మల్ ద్రావణం. ఫెర్రస్ అమోనియం సల్ఫేట్‌ను 196.1 గ్రాములు తీసుకుని, 20 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీటిలో కరిగించి లీటరు చేయండి. ఇది సుమారు 0.5 నార్మల్. "సుమారు" అని ఎందుకు అంటున్నానంటే, సీసాలో ఉంటూనే గాలి తగిలి ఇది రోజురోజుకీ బలం కోల్పోతుంది. అందుకే సీసా మీది అంకెను నమ్మకుండా ప్రతిరోజూ మట్టి లేని బ్లాంక్‌తో దాని అసలు బలాన్ని కనుక్కోవాలి.

కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, పొగలు లాగే అలమార కింద పని మొదలుపెట్టండి. డైక్రోమేట్‌లోని క్రోమియం క్యాన్సర్ కారకం, ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. 500 మిల్లీలీటర్ల కోనికల్ ఫ్లాస్క్‌లో 1.000 గ్రాము మట్టి వేసి, పిపెట్‌తో కచ్చితంగా 10 మిల్లీలీటర్ల డైక్రోమేట్ పోసి, మట్టి అంతా తడిసేలా తిప్పండి. పిపెట్‌ను నోటితో పీల్చవద్దు, రబ్బరు బల్బు వాడండి. తరువాత 20 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కొలజాడీ నుంచి ఆగకుండా ఒక్క ధారగా పోసి, ఒక నిమిషం పాటు మెల్లగా తిప్పి, 30 నిమిషాలు కదపకుండా ఉంచండి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఆమ్లాన్ని భయపడుతూ కొంచెం కొంచెంగా పోస్తే వేడి పుట్టినంతా పుట్టినట్టే పోతుంది, ఉష్ణోగ్రత 120 డిగ్రీల దగ్గరికి చేరదు, కర్బనంలో కొంత ఆక్సీకరణం కాకుండా మిగిలిపోతుంది. మేము ఒక డిసెంబరు ఉదయం ఫ్లాస్కులను నేరుగా నల్ల గ్రానైట్ బల్ల మీద వరుసగా పెట్టాం. ఆ రోజు మా తనిఖీ మట్టి ఎప్పుడూ ఇచ్చేదానికంటే స్పష్టంగా తక్కువ ఇచ్చింది. చేత్తో తాకితే ఐసులా ఉండే ఆ రాయి ఫ్లాస్కు అడుగు నుంచి వేడిని లాగేసింది. అప్పటి నుంచి ప్రతి ఫ్లాస్కు కింద మందపాటి చెక్క పలక పెడుతున్నాం. తెరిచి ఉంచిన సీసాలో తేమ పీల్చుకున్న ఆమ్లంతో కూడా ఇదే నష్టం జరుగుతుంది కనుక, సముద్రపు గాలి తగిలే చెన్నై వంటి చోట సీసా మూతను ఎప్పటికప్పుడు బిగించాలి.

అరగంట తరువాత 200 మిల్లీలీటర్ల స్వేదన జలం, 10 మిల్లీలీటర్ల ఫాస్ఫారిక్ ఆమ్లం, ఒక మిల్లీలీటరు డైఫినైలమైన్ సూచిక కలపండి. ఫాస్ఫారిక్ ఆమ్లం ఫెర్రిక్ అయాన్లను కట్టిపడేస్తుంది. అది మరిచిపోతే రంగు ఎక్కడ మారిందో తెలియకుండా చివరి స్థానం చెదిరిపోతుంది. ఇప్పుడు బ్యూరెట్ నుంచి ఫెర్రస్ ద్రావణాన్ని వదలండి. మొదట మసక గోధుమ రంగు, తరువాత చిక్కని ఊదా నీలం కనిపిస్తుంది. ఆ నీలం పలచబడడం మొదలైనప్పటి నుంచి చుక్క చుక్కగా వదలండి. ఒక్క చుక్కతో ఫ్లాస్కు మొత్తం మెరిసే ఆకుపచ్చగా మారుతుంది. ఆ మార్పు మెల్లగా రాదు, ఒక్కసారిగా వస్తుంది. అందుకే చివరి మిల్లీలీటరులో తొందర పనికిరాదు. ఫ్లాస్కు వెనుక తెల్ల కాగితం పెట్టుకుంటే నీలం వెళ్ళిపోయే క్షణం స్పష్టంగా కనిపిస్తుంది.

ఒక హద్దు గుర్తుంచుకోండి. బ్లాంక్‌కు 20 మిల్లీలీటర్లు పడుతున్నప్పుడు నమూనాకు 4 కంటే తక్కువ పడితే డైక్రోమేట్ దాదాపు అయిపోయినట్టే. ఆ అంకెను వదిలేసి అరగ్రాము మట్టితో మళ్ళీ చేయండి.

రాగి చేను మట్టికి ఆ రోజు బ్లాంక్ 20.4, నమూనా 16.8 మిల్లీలీటర్లు వచ్చాయి. బ్లాంక్‌లో 10 మిల్లీలీటర్ల 1 నార్మల్ డైక్రోమేట్‌కు 20.4 మిల్లీలీటర్లు పట్టింది కనుక ఫెర్రస్ ద్రావణం అసలు బలం 10 ÷ 20.4, అంటే 0.490 నార్మల్. కింది లెక్కలో OC సేంద్రియ కర్బనం, B బ్లాంక్‌కు పట్టిన మిల్లీలీటర్లు, S నమూనాకు పట్టినవి, N ఫెర్రస్ ద్రావణం బలం, W మట్టి బరువు.

```
OC % = (B − S) × N × 0.3 / W
     = (20.4 − 16.8) × 0.490 × 0.3 / 1.000
     = 0.53
```

మావయ్య మొదటి కాగితంలో ఉన్న అంకె ఇదే. అయితే ఈ పద్ధతి సగటున 77 శాతం కర్బనాన్నే ఆక్సీకరణం చేస్తుందని భావించి దీన్ని 1.3తో గుణించడం ఆనవాయితీ. అప్పుడు 0.69 వస్తుంది. సేంద్రియ పదార్థంలో 58 శాతం కర్బనం ఉంటుందనే భావనతో దాన్ని మళ్ళీ 1.724తో గుణిస్తే 1.19 వస్తుంది. ఈ రెండు గుణకాలూ కొలిచినవి కావు, అనుకున్నవి. మీ చేతికి వచ్చిన ఏ నివేదికలోనైనా మొదట అడగవలసిన ప్రశ్న, 1.3తో గుణించారా లేదా అన్నదే. మన దేశంలో 0.5 శాతం కంటే తక్కువ సేంద్రియ కర్బనం ఉంటే "తక్కువ" అనీ, 0.5 నుంచి 0.75 వరకు "మధ్యస్థం" అనీ అంటారు కదా. గుణించక ముందు 0.42 ఉన్న చేను గుణించగానే 0.55 అయి "మధ్యస్థం"లోకి వెళ్ళిపోతుంది, మట్టిలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

మామిడి చెట్ల కింది మట్టికి 11.2 మిల్లీలీటర్లు పట్టాయి. అదే లెక్కతో సేంద్రియ కర్బనం 1.35, రెండు గుణకాల తరువాత సేంద్రియ పదార్థం 3.03.

మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయవద్దు. ఆకుపచ్చగా మారిన దానిలోనూ ఆమ్లం, క్రోమియం ఉంటాయి. విడిగా డబ్బాలో పోగుచేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. మన కాలువలన్నీ చివరికి ఏదో ఒక చెరువులోకే చేరతాయి.

కాల్చి తూచడం

ఇది చూడడానికి చాలా సులువు. మట్టిని ఆరబెట్టి తూచి, కాల్చి మళ్ళీ తూచి, తగ్గిన బరువును శాతంగా రాస్తాం. ఏ రసాయనమూ అక్కర్లేదు. దీనిలోని కష్టమంతా, తగ్గినదంతా సేంద్రియ పదార్థమేనా అన్న ప్రశ్నలో ఉంది.

పింగాణీ క్రూసిబుళ్ళను ముందుగా 550 డిగ్రీల వద్ద గంటసేపు కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి. వాటి మీద స్కెచ్ పెన్నుతో అంకెలు రాయకండి. నేను మొదటిసారి అలాగే రాసి, కొలిమి తెరిచేసరికి పన్నెండు క్రూసిబుళ్ళూ తెల్లగా, గుర్తు లేకుండా ఉండడం చూశాను. ఆ రోజు పనంతా పోయింది. పెన్సిల్‌తో రాసుకుని, కొలిమిలో ఏది ఏ స్థానంలో ఉందో కాగితం మీద బొమ్మ గీసుకోండి.

ఒక్కోదానిలో సుమారు 5 గ్రాముల మట్టి తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి. రాగి చేను మట్టి గాలికి ఆరినప్పుడు 5.043 గ్రాములు ఉండి, ఓవెన్ తరువాత 4.944 అయింది. అంటే పొడి బరువు మీద 2 శాతం తేమ ఉంది. టైట్రేషన్‌లో మనం వాడింది గాలికి ఆరిన మట్టి కనుక, ఆ ఫలితాన్ని 1.02తో గుణించి పొడి బరువుకు మార్చాలి. 1.19 కాస్తా 1.21 అవుతుంది. మామిడి కింది మట్టిలో తేమ 2.4 శాతం, అక్కడ 3.03 కాస్తా 3.10 అవుతుంది. ఈ చిన్న సవరణ చేయకుండా రెండు పద్ధతులనూ పక్కన పెట్టడం సరికాదు.

ఇప్పుడు క్రూసిబుళ్ళను చల్లని మఫిల్ కొలిమిలో పెట్టి, ఉష్ణోగ్రతను 360 డిగ్రీలకు పెంచి, అక్కడికి చేరిన తరువాత రెండు గంటలు ఉంచండి. కొలిమి 150 డిగ్రీలకు దిగాక డెసికేటర్‌లోకి మార్చి, పూర్తిగా చల్లారిన తరువాతే తూచండి. వేడిగా తూస్తే చుట్టూ గాలి పైకి లేచి తూకం తక్కువ చూపిస్తుంది. ఎక్కువసేపు బయట పెడితే మట్టి తేమ పీల్చుకుంటుంది. తూచిన తరువాత అవే క్రూసిబుళ్ళను మళ్ళీ పెట్టి 550 డిగ్రీల వద్ద నాలుగు గంటలు కాల్చి మరోసారి తూచండి. రెండు మెట్లలో కాల్చడమే ఈ పోలికలో అసలు ఉపాయం.

రాగి చేను మట్టి 360 వద్ద 0.104 గ్రాములు, అంటే 2.10 శాతం కోల్పోయింది. 550 వచ్చేసరికి మొత్తం నష్టం 0.282 గ్రాములు, అంటే 5.70 శాతం. మావయ్య రెండో కాగితంలోని అంకె ఇదే. టైట్రేషన్ చెప్పిన 1.21కి ఇది నాలుగున్నర రెట్లకు పైన ఉంది.

360కీ 550కీ మధ్య పోయిన 3.6 శాతం ఏమిటి? ఈ ఎర్రనేలల బంకమన్నులో ఎక్కువ భాగం కేయోలినైట్. దాని స్ఫటికంలో హైడ్రాక్సిల్ రూపంలో బరువులో 14 శాతం నీరు బంధించబడి ఉంటుంది. 105 డిగ్రీల ఓవెన్ దాన్ని తాకలేదు. సుమారు 450 నుంచి 550 డిగ్రీల మధ్య అది ఆవిరై పోతుంది. నూరు గ్రాముల మట్టిలో పాతిక గ్రాముల కేయోలినైట్ ఉంటే చాలు, ఒక్క రవ్వ సేంద్రియ పదార్థం లేకపోయినా 3.5 శాతం బరువు తగ్గుతుంది. 360 డిగ్రీల వద్ద కేయోలినైట్ దాదాపు కదలదు. అయితే మట్టికి పసుపు గోధుమ ఛాయనిచ్చే గోథైట్ వంటి ఐరన్ ఖనిజాలూ, గిబ్సైట్ ఉంటే అదీ, 250 నుంచి 400 డిగ్రీల మధ్యనే తమ నీటిని వదిలేస్తాయి. అందుకే 360 వద్ద కూడా 1.21 బదులు 2.10 వచ్చింది. లోతు మట్టిని జతగా తీసుకోవద్దని మొదట చెప్పడానికి కారణం ఇదే: బంకమన్ను పెరిగితే సేంద్రియ పదార్థం తగ్గినా కాల్చినప్పుడు నష్టం పెరగవచ్చు.

రెండింటినీ పోల్చడం

మామిడి కింది మట్టి 360 వద్ద 4.06 శాతం, 550 వద్ద 7.72 శాతం కోల్పోయింది. ఇప్పుడు ఒక్కో నమూనాలో అంకెలను అడ్డంగా పోల్చడం మానేసి, ఒక్కో పద్ధతిలో రెండు నమూనాల మధ్య ఎంత పెరిగిందో చూడండి. టైట్రేషన్ ప్రకారం సేంద్రియ పదార్థం 1.21 నుంచి 3.10కి, అంటే 1.89 పెరిగింది. 360 వద్ద పెరుగుదల 1.96. 550 వద్ద 2.02. విడివిడిగా అంత దూరంగా ఉన్న అంకెలు పెరుగుదల దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఒక్కచోట చేరాయి. రెండు మట్టుల్లోనూ బంకమన్ను ఒకే మోతాదులో ఉండడంతో ఖనిజాల నీరు రెండు వైపులా సమంగా ఉండి, తీసివేతలో రద్దయిపోయింది.

దీని నుంచి రెండు విషయాలు తెలుస్తాయి. 1.96ను 1.89తో భాగిస్తే 1.04 వస్తుంది. ఈ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంది కనుక 1.3, 1.724 అనే గుణకాలు కలిసి ఈ నేలకు సరిపోయాయని చెప్పవచ్చు. విడివిడిగా ఏది ఎంత సరైనదో మాత్రం దీనితో తేలదు. ఇక రెండోది, 360 వద్ద మిగిలిన 0.9 శాతం తేడా ఈ నేలలోని ఖనిజాల వాటా. అదే నేల నుంచి వచ్చే తరువాతి నమూనాలను 360 వద్ద కాల్చి, నష్టంలో నుంచి 0.9 తీసేసి ఉజ్జాయింపుగా వాడుకోవచ్చు. అయితే రెండు బిందువులు ఎలా ఉన్నా వాటిని ఒక గీత కలుపుతుంది. ఆ అంకె మీద ఆధారపడాలంటే అదే నేల నుంచి, అదే లోతు నుంచి ఎనిమిది, పది నమూనాలకు రెండు పద్ధతులూ చేసి గీత గీయాలి. ఒక ఊరి మట్టికి వచ్చిన సమీకరణాన్ని ఇంకో ఊరి నల్లరేగడికి వాడడం పూర్తిగా తప్పు.

పోలిక విఫలమైన నమూనా కూడా ఒకటి ఉంది. అదే తోటలో ఎండుటాకులు కాల్చే గుంట పక్క నుంచి మూడో మట్టి తెచ్చాను. టైట్రేషన్ 1.64 ఇచ్చింది, 360 వద్ద నష్టం 3.90. రాగి చేనుతో పోలిస్తే ఒకటి 0.43 పెరిగితే, రెండోది 1.80 పెరిగింది. నిష్పత్తి నాలుగు దాటింది. చేతి భూతద్దం కింద పెట్టి చూస్తే నల్లని నిగనిగలాడే చిన్న చిన్న బొగ్గు పలుకులు కనిపించాయి. బొగ్గును డైక్రోమేట్ సగమైనా తాకలేదు, కొలిమి మాత్రం కాలుస్తుంది. నగరంలో ఇంటి పక్క మట్టి అయితే బొగ్గుతో పాటు సిమెంటు పెళ్ళలు, సున్నం కూడా ఉంటాయి. గట్టిపడిన సిమెంటు కాల్చినప్పుడు నీరు వదులుతుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే మట్టి బుసబుస పొంగితే అందులో కార్బొనేట్లు ఉన్నట్టే, ఆ అనుమానం పెట్టుకోండి. టైట్రేషన్‌కు ఆ కార్బొనేట్లతో ఇబ్బంది లేదు. దాని ఇబ్బంది ఉప్పుతో. చెన్నై తీరంలోని ఉప్పు నేలల్లో క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను ఖర్చు చేసి కర్బనాన్ని పెంచి చూపిస్తుంది. అక్కడ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలపాలి, లేదా క్లోరైడ్‌ను విడిగా కొలిచి దాని శాతంలో పన్నెండో వంతును కర్బనం శాతం నుంచి తీసేయాలి.

మావయ్యకు ఇచ్చిన కాగితంలో నేను ఒక్క అంకెతో సరిపెట్టలేదు. రాగి చేనుకు సేంద్రియ కర్బనం 0.53, వాక్లీ-బ్లాక్, గుణకం లేకుండా. 360 డిగ్రీల వద్ద రెండు గంటల నష్టం 2.10, 550 వద్ద నాలుగు గంటల నష్టం 5.70, ఇందులో ఎక్కువ భాగం బంకమన్ను నీరు అని రాశాను. మామిడి కింది మట్టికీ అదే వరుసలో రాసి, గుంట పక్క మట్టి ఎదుట "బొగ్గు ఉంది, ఇతర నమూనాలతో పోల్చరాదు" అని రాసి ఇచ్చాను.